నేను ఖాళీ చేసిన డిస్కు

కెనడాలోని విన్నిపెగ్‌లో ఒక కాలేజీ సర్వర్లను నేను ఏడేళ్ళు చూసుకున్నాను. పని బాగా జరిగినన్నాళ్ళూ నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తుండదు. ఏదైనా ఆగిపోతే మాత్రం ప్రిన్సిపాల్ నుంచి క్యాంటీన్ మనిషి వరకు అందరికీ నా పేరు తెలిసిపోతుంది. ఈ సంగతి మీద నాకు మొదటి నుంచీ కొంత ఉక్రోషం ఉండేది. ఆ ఉక్రోషం వల్లే కావచ్చు, నా పని నాకు బాగా వచ్చని ఎవరో ఒకరికి రోజూ నిరూపించుకోవాలనే దురద కూడా ఉండేది. ఇప్పుడు చెప్పబోయే దానిలో ఆ దురద పాలు చాలానే ఉంది.

నేను చేరిన కొత్తలో మా కాలేజీలో తెలుగు మాట వినపడితే ఆగి పలకరించేదాన్ని. నాలుగేళ్ళు తిరిగేసరికి అలా ఆగితే నా పని సాగేది కాదు. కాఫీ లైన్లో తెలుగు, లిఫ్టులో తెలుగు, బస్ స్టాపులో చలికి కాళ్ళు తపతపలాడిస్తూ ఫోన్లో అమ్మతో "తిన్నానే" అని అబద్ధం చెప్పే తెలుగు. ఖమ్మం, గుంటూరు, నంద్యాల, కరీంనగర్ నుంచి పిల్లలు సెమిస్టర్‌కో విడత దిగేవాళ్ళు. కాలేజీ పక్క బిల్డింగు అద్దెకు తీసుకుంది, కొత్త లెక్చరర్లను పెట్టుకుంది, కుర్చీలు కొన్నది. ఇంతమంది పాస్‌పోర్టులు, పర్మిట్లు, మార్కుల జాబితాలు దాచుకునే సర్వర్ మాత్రం అదే పాతది. డిస్కు పెంచమని రెండుసార్లు రాశాను. వచ్చే ఏడాది చూద్దామన్నారు. మూడోసారి రాయలేదు, నాకు రోషం ఎక్కువ.

ఆ సర్వర్ ఎలా నడిచేదో కొంచెం చెప్పాలి. విద్యార్థి వెబ్‌సైటులో ఒక పత్రం అప్‌లోడ్ చేస్తే తెర మీద "థాంక్యూ" అని వచ్చేది. కానీ ఆ పత్రం అప్పుడే అసలు చోటికి చేరేది కాదు. ముందు "టెంప్" అనే ఫోల్డర్లో పడేది. అక్కడి నుంచి ఇంకో ప్రోగ్రాము దాన్ని తీసి, వైరస్ ఉందేమో చూసి, ఆ విద్యార్థి రికార్డులోకి మార్చి, ఒక రసీదు నంబరుతో ఈమెయిల్ పంపేది. అంతా పావుగంటలో అయిపోయేది. టెంప్ అంటే తాత్కాలికం. మామూలుగా సర్వర్లలో ఆ పేరున్న ఫోల్డర్లో చెత్త ఉంటుంది, ఎప్పుడు తీసేసినా ఎవరూ అడగరు. ఇక్కడ మాత్రం అది చెత్త కాదు, గుమ్మం. నాకు ముందు పనిచేసినాయన అలా పెట్టి వెళ్ళిపోయాడు. చేరిన కొత్తలో ఆయన రాసిపెట్టిన కాగితాలు చదివినప్పుడు ఇదేం పేరు అని నవ్వుకున్నాను కూడా. తెలియక చేశానని చెప్పుకోవడానికి వీల్లేదు.

ఇంకొకటి స్నాప్‌షాట్. ఒక క్షణాన డిస్కులో ఏమేం ఉన్నాయో అలాగే పట్టి ఉంచమని సర్వర్‌కి చెప్పడం అది. తీసినప్పుడు దాదాపు జాగా పట్టదు. కానీ ఆ తర్వాత మనం ఏ ఫైలు చెరిపినా, ఆ క్షణాన అది ఉంది కాబట్టి స్నాప్‌షాట్ దాన్ని వదలదు. మన కంటికి ఫైలు పోతుంది, జాగా మాత్రం తిరిగి రాదు. మా సర్వర్ ప్రతి రాత్రీ తనంతట తానే ఒకటి తీసుకుని, నెల దాటినవాటిని తీసేసేది. అవి కాక, జూన్లో ఒక పెద్ద అప్‌గ్రేడ్‌కి ముందు నేను చేత్తో ఒకటి తీశాను. అప్‌గ్రేడ్ సవ్యంగా అయింది. ఆ స్నాప్‌షాట్‌ను తీసేయాలి. ఉండనీలే, ఏమో, పనికొస్తుందేమో అనుకున్నాను. ఖాళీ పెరుగు డబ్బాలు కడిగి బీరువాలో పెట్టే ఇంట్లో పుట్టినదాన్ని. నేను చేత్తో తీసింది కాబట్టి దాన్ని చేత్తోనే తీసేయాలి, ఇంకెవరూ తీయరు. జులైలో పాత విద్యార్థుల పత్రాలన్నీ వేరే చోటికి మార్చి ఇక్కడ చెరిపేశాం. బోలెడు జాగా వచ్చిందని మా మేనేజర్ మీటింగులో చెప్పాడు. నిజానికి ఒక్క ముక్క కూడా రాలేదు. జూన్ స్నాప్‌షాట్ మొత్తం పట్టుకునే కూర్చుంది.

జనవరిలో ఒక మంగళవారం. పొద్దున మైనస్ ముప్పై నాలుగు డిగ్రీలు. ఇంజన్ గడ్డకట్టకుండా రాత్రంతా కరెంటుకి పెట్టి ఉంచిన కారు ప్లగ్గు తీసి బయల్దేరేసరికి ఆలస్యమైంది. ఆఫీసులో కోటు విప్పుతుండగానే రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. అక్కడ పత్రాలు చూసే ఆవిడ, ఉక్రెయిన్ మూలాలున్న పెద్దావిడ, ఎప్పుడూ గొంతు పెంచేది కాదు. ఆ రోజు కూడా పెంచలేదు.

"వెబ్‌సైటు ఎవరి పత్రాలూ తీసుకోవడం లేదు. ఈ రోజు ఆఖరి తేదీ. నా ముందు అరవై మంది నిలబడి ఉన్నారు," అంది.

సర్వర్‌లోకి వెళ్ళి చూస్తే డిస్కులో జాగా లేదన్న ఎర్రర్ వరసగా పడుతోంది. నూరు శాతం నిండింది. నిండబోతోందని హెచ్చరికలు రావాలి కదా అని వెతికాను. వచ్చాయి. రోజుకు వంద వస్తుంటే విసుగు పుట్టి, అవన్నీ నేరుగా ఒక పక్క ఫోల్డర్లోకి పోయేలా అంతకుముందు నెలలోనే పెట్టుకున్నాను. ముందు వారం గురువారం నుంచి అవి అందులో పోగుపడుతున్నాయి.

ఇలాంటప్పుడు ముందు చూసేది ఎవరు ఎక్కువ తింటున్నారని. ఏ ఫోల్డర్ ఎంత ఉందో లెక్క తీయించి, పెద్దవాటి నుంచి చిన్నవాటి వరకు వరస పెట్టించాను. మొదటిది ఆ పత్రాలు మార్చే ప్రోగ్రాము రాసుకునే లాగ్ ఫైలు. అది ఒక్కటే రెండు వందల గిగాబైట్లు దాటింది. లోపల ఒకటే మాట, మార్చలేకపోయాను, మార్చలేకపోయాను అని క్షణానికి కొన్నిసార్లు. రెండోది టెంప్ ఫోల్డరు, తొంభై గిగాబైట్లు. అందులోని ఫైళ్ళనూ పెద్దవి ముందుగా జాబితా తీశాను. అన్నీ కలిపినా డిస్కు మొత్తం నాలుగు టెరాబైట్లలో ఫోల్డర్ల లెక్క రెండున్నర కూడా రాలేదు. మిగిలింది ఎక్కడ పోయిందో ఆగి ఆలోచించాల్సిన చోటు అదే. నేను ఆగలేదు. వెనకాల మా మేనేజర్ నిలబడి ఉన్నాడు. మనిషి మంచివాడే, కానీ గడియారం చూసే అలవాటుంది.

లాగ్ ఫైలును చెరపలేదు. నడుస్తున్న ప్రోగ్రాము తెరిచి పట్టుకున్న ఫైలును చెరిపితే పేరు పోతుంది గాని, ఆ ప్రోగ్రామును ఆపేదాకా జాగా రాదు. కొత్తవాళ్ళు చేసే పొరపాటు అది. నేను కొత్తదాన్ని కాదు కదా, ఫైలును ఉంచి లోపలిది మాత్రం ఖాళీ చేశాను. ఎందుకలా చేశానో మేనేజర్‌కి వివరించాను కూడా. అలా వివరిస్తూ, అదే ఊపులో, టెంప్ ఫోల్డర్లో ఉన్నదంతా తుడిచేశాను. టెంప్ కదా అన్నాను. ఆయన తలూపాడు.

జాగా కొంచెం వచ్చింది, అంతే. మూడు వందల గిగాబైట్లు తీసేస్తే ముప్పై కూడా రాలేదు. అప్పుడు వెలిగింది, స్నాప్‌షాట్లు. జాబితా తీస్తే ముప్పై రాత్రివి, వాటి మీద జూన్లో నేను తీసింది. తీసేయాల్సింది ఆ జూన్‌ది ఒక్కటే. ఎవరు దేన్ని ఎంత పట్టుకున్నారో ఒక్కొక్కదాన్నీ చూడటానికి పది నిమిషాలు పట్టేది. ఫోన్ మళ్ళీ మోగింది. ఒకటో రెండో తీస్తే చాలదేమో, మళ్ళీ నిండితే మళ్ళీ నా పరువే పోతుంది అనిపించింది. అన్నిటినీ తీసేయమని ఒకే కమాండు కొట్టాను. నిజంగానా అని అడిగింది. నిజంగానే అన్నాను.

నిమిషంలో తెర మీద నూరు కాస్తా యాభై ఆరు అయింది. వెబ్‌సైటు లేచింది. రిజిస్ట్రార్ ఆఫీసు బయట లైను కదిలింది. మేనేజర్ నా భుజం మీద తట్టి, మధ్యాహ్నం డోనట్ల పెట్టె తెచ్చి టేబుల్ మీద పెట్టాడు. నేను రెండు తిన్నాను. రిపోర్టులో "లాగులు, టెంప్ ఫైళ్ళు, పాత స్నాప్‌షాట్లు తొలగించడమైనది" అని ఒక్క వాక్యం రాసి మూసేశాను. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ కారులో పాడుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

రెండు రోజులకి, గురువారం, ఒక అమ్మాయి వచ్చింది.

ఆమె నాకు ఆదివారాల పరిచయం. ఒక చర్చి బేస్‌మెంటు అద్దెకు తీసుకుని మేం తెలుగులో ఆరాధన జరుపుకునేవాళ్ళం. ఖమ్మం నుంచి వచ్చిన ఈ అమ్మాయి చివరి వరసలో కూర్చుని, పాటలప్పుడు మాత్రం అందరికంటే ముందుగా శ్రుతి అందుకునేది. తర్వాత గిన్నెలు కడగడానికి ఎవరూ పిలవకుండానే వచ్చేది. నన్ను అక్కా అనేది. వృద్ధుల కేర్ హోముల నిర్వహణలో రెండేళ్ళ కోర్సు డిసెంబరులో పూర్తి చేసింది. ఆ కోర్సులో ఒక కేర్ హోములో నాలుగు నెలలు పనిచేయాలి. ఎన్ని గంటలు చేసిందీ వారం వారం అక్కడి సూపర్‌వైజర్ సంతకం పెట్టిన కాగితాలు కాలేజీకి ఇవ్వాలి. అవి అందితేనే కోర్సు పూర్తయినట్టు లెటర్ వస్తుంది. ఆ లెటరుంటేనే వర్క్ పర్మిట్‌కి అప్లై చేయగలదు. స్టడీ పర్మిట్ ఇంకా పదకొండు రోజులే ఉంది. ఆ లోపల అప్లై చేస్తే ఉన్న ఉద్యోగం చేసుకుంటూ ఉండొచ్చు. దాటిపోతే ఆ రోజే పని మానేసి, స్టేటస్ తిరిగి ఇవ్వమని వేరే అప్లికేషన్ పెట్టుకుని, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆమెకు కేర్ హోములోనే ఉద్యోగం ఇచ్చారు. నెల రోజులు ఆమె కోసం ఖాళీగా ఉంచే ఉద్యోగం కాదది.

ఆ కాగితాలు అందలేదని రిజిస్ట్రార్ ఆఫీసు చెప్పింది. ఆమె అక్కడి నుంచి మా హెల్ప్ డెస్కుకి వచ్చింది. ఆ సమయానికి నేను అక్కడే ఉన్నాను, నా పక్కన ఇద్దరు తోటి ఉద్యోగులు ఉన్నారు.

"అక్కా, నేను ఎక్కించిన. శుక్రవారం సాయంత్రం లైబ్రరీల స్కాన్ చేసి ఎక్కించిన. థాంక్యూ అని వచ్చింది, చూడండి," అంటూ ఫోన్లో ఫొటో చూపించింది.

ఇక్కడ నా గురించి ఒకటి ఒప్పుకోవాలి. తెలుగువాళ్ళు వచ్చినప్పుడు పక్కవాళ్ళ ముందు నేను తెలుగు మాట్లాడేదాన్ని కాదు. మనవాళ్ళని వెనకేసుకొస్తోందని అనుకుంటారేమోనని భయం. ఇంకొకరికి నవ్వుతూ చెప్పేది మనవాళ్ళకి మొహం గంటు పెట్టుకుని చెప్పేదాన్ని. అదే న్యాయమని కూడా అనుకునేదాన్ని.

అందుకని ఇంగ్లీషులో అన్నాను, ఆ పేజీ అందరికీ వస్తుందని. రసీదు నంబరుతో ఈమెయిల్ వచ్చిందా అని.

"రాలేదు. వస్తదని చూసిన."

"అయితే అప్‌లోడ్ పూర్తయి ఉండదు. సబ్మిట్ నొక్కావా, ఖచ్చితంగా?"

"నొక్కిన అక్కా. నిజంగ నొక్కిన."

"మళ్ళీ పంపించు."

అప్పుడామె చెప్పింది. ఆ కాగితాల మీద అక్కడుండే వృద్ధుల పేర్లు, గది నంబర్లు ఉంటాయి. అందుకని కేర్ హోమువాళ్ళు ఆ పేర్లు కప్పి స్కాన్ చేసుకోనిచ్చి, అసలు కాగితాలు వెనక్కి తీసేసుకుంటారు. లైబ్రరీ కంప్యూటర్లో స్కాన్ చేసి అక్కడి నుంచే అప్‌లోడ్ చేసింది. ఆ కంప్యూటరు లాగౌట్ కాగానే అన్నీ తుడిచేసుకుంటుంది. కేర్ హోమును మళ్ళీ అడిగితే, సూపర్‌వైజర్ ఉద్యోగం మానేసి ఎడ్మంటన్ వెళ్ళిపోయింది, పాత ఫైళ్ళు కావాలంటే వాళ్ళ హెడ్డాఫీసు ద్వారా ఆరు వారాలు పడుతుందన్నారు.

"ఒక కాపీ కూడా ఉంచుకోలేదా?" అన్నాను, ఇంగ్లీషులోనే. పక్కనున్నతను ఓరగా చూసి నవ్వాడు. ఆమె ఫోన్ కోటు జేబులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఇప్పటి పిల్లలకి బొత్తిగా జాగ్రత్త లేదని నేను అతనితో అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం, పని లేక, మొన్న అసలు డిస్కు ఎందుకు నిండిందో సరిగ్గా రాసి పెడదామని కూర్చున్నాను. డిస్కులో పత్రాల భాగానికి ఒక హద్దు ఉంది. స్నాప్‌షాట్లు పట్టుకున్న పాత ఫైళ్ళు కూడా ఆ హద్దులోకే లెక్క. అది ముందు వారం గురువారమే నిండింది. అది నిండగానే టెంప్ నుంచి పత్రాలు మార్చే ప్రోగ్రాముకు వాటిని పెట్టే చోటు లేకుండా పోయింది. మార్చలేకపోయాను అని అరుస్తూ లాగ్ నింపింది. ఇక్కడి దాకా రాసి, తర్వాతి వాక్యం రాయబోయాను. గురువారం నుంచి మంగళవారం దాకా విద్యార్థులు పంపినవన్నీ...

చెయ్యి కీబోర్డు మీద ఆగిపోయింది. ఆ ఐదు రోజుల పత్రాలూ టెంప్‌లోనే ఉన్నాయి. మంగళవారం వాటిని తుడిచేసింది నేను. అప్పటికీ అవి పోలేదు. ముందు రాత్రి తీసిన స్నాప్‌షాట్లో భద్రంగా ఉన్నాయి. జాగా ఎందుకు రావడం లేదని నేను కోప్పడుతున్న ఆ కాసేపూ సర్వర్ వాటిని నా కోసం పట్టుకునే ఉంది. తర్వాత నేను దాన్నీ తీసేశాను.

బ్యాకప్ చూశాను. టెంప్ అన్న పేరున్న ఫోల్డర్లు వదిలేయమని అందులో రాసి ఉంది. మూడేళ్ళ కిందట ఆ లైను చేర్చింది నేనే, జాగా కలిసి వస్తుందని.

మంగళవారం తీసిన పెద్ద ఫైళ్ళ జాబితా నా స్క్రీను మీద ఇంకా మిగిలి ఉందేమోనని పైకి జరుపుకుంటూ పోయాను. ఉంది. ఫైళ్ళ పేర్లలో విద్యార్థి నంబరు, ఫారం రకం ఉంటాయి. లైబ్రరీ స్కానర్ తీసే రంగుల స్కాన్లు చాలా పెద్దవి. ఆ జాబితాలో పైనుంచి ఆరోది, పని గంటల ఫారం, ముందు వారం శుక్రవారం సాయంత్రం నాలుగూ పన్నెండు, నూట ఎనభై మెగాబైట్లు. పక్కనున్న నంబరును హెల్ప్ డెస్కు నోటుతో సరిచూశాను. రెండోసారి, మూడోసారి చూశాను. ఎన్నిసార్లు చూసినా అంకెలు మారలేదు. ఆ అమ్మాయిదే. మంగళవారం ఆ పేరు నా కళ్ళ ముందు ఉంది, ఎక్కువ తింటున్నవాళ్ళ జాబితాలో.

బాత్‌రూములోకి వెళ్ళి మొహం కడుక్కున్నాను. అబద్ధం ఎందుకు, మొదట వచ్చిన ఆలోచన ఆమె గురించి కాదు. ఈ జాబితా నా స్క్రీను మీద తప్ప ఎక్కడా లేదు, ఆ విండో మూసేస్తే అక్కడా ఉండదు, అని. మా టీములో ఒకరిని తగ్గిస్తారని ఆ నెలంతా గుసగుసలు ఉన్నాయి. ఆ ఆలోచన ఎంతసేపు ఉందో చెప్పలేను. ఉన్నంతసేపు ఉంది.

జాబితాను ఒక ఫైలులో దాచి మేనేజర్ దగ్గరికి వెళ్ళాను. ఆయన విని, తలుపు మూశాడు. అరవలేదు.

"ఐదు రోజుల్లో పంపినవాళ్ళందరికీ మెయిల్ పెడదాం. సాంకేతిక లోపం వల్ల పత్రాలు మళ్ళీ పంపమని. ఎవరు చేశారనేది రాయక్కర్లేదు," అన్నాడు.

"మళ్ళీ పంపలేని అమ్మాయి ఒకతుంది," అన్నాను.

"ఆమెకు అర్థమవుతుంది. ఇలాంటివి జరుగుతుంటాయి."

"ఆమెకు అర్థమైనంత మాత్రాన లెటర్ రాదు. రిజిస్ట్రార్‌కి అర్థం కావాలి. వాళ్ళు ఆమె పంపనేలేదు అనుకుంటున్నారు. లోపం అని రాస్తే అది పంపిందని రుజువు కాదు."

"నీ ఇష్టం. ఇది నీ ఉద్యోగం ఫైలులోకి వెళ్తుంది, తెలుసుగా," అన్నాడు. తెలుసన్నాను.

ఆ ఉత్తరం రాయడానికి గంటన్నర పట్టింది. ముందు "తొలగించబడినవి" అని రాశాను. ఎవరో తొలగించినట్టుంది. చెరిపి, నేను తొలగించాను అని రాశాను. ఫలానా విద్యార్థి పని గంటల ఫారం ఫలానా సమయానికి, గడువుకు నాలుగు రోజుల ముందే, మా సర్వర్‌కి చేరింది. దాన్ని నేను చూశాను. అది ఏమిటో తెలుసుకోకుండా చెరిపాను. అది తిరిగి దొరికే ఒక్క దారినీ కొన్ని నిమిషాల తర్వాత నేనే మూసేశాను. ఆ అమ్మాయి హెల్ప్ డెస్కుకి వచ్చినప్పుడు ఆమె అప్‌లోడ్ చేయలేదని చెప్పింది కూడా నేనే, అది తప్పు. జాబితాను జత చేసి రిజిస్ట్రార్ ఆఫీసు ఆవిడ చేతికి స్వయంగా ఇచ్చాను. ఆవిడ కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

"ఇందులో సంతకాలు కనపడవు కదా," అంది.

"కనపడవు. అవి నా వల్లే పోయాయి."

ఆవిడ ఉత్తరాన్ని బల్ల మీద సరిగ్గా పెట్టి, ఆ కోర్సు లెక్చరర్‌కి ఫోన్ చేసింది. ఆయన ఆ కేర్ హోముకి రెండుసార్లు తనిఖీకి వెళ్ళినవాడు. అమ్మాయి పని చేయడం తన కళ్ళతో చూశానని, సూపర్‌వైజర్ గంటలు చెప్పిందని, ఆ మాట రాసిస్తానని అన్నాడు. డీన్ ఒప్పుకోవాలి, సోమవారం చూద్దాం అంది ఆవిడ. ఆ శని, ఆదివారాలు నేను నిద్రపోలేదు. ఆదివారం ఆరాధనకు వెళ్ళాను గాని, వెనక్కి తిరిగి చివరి వరస చూడలేకపోయాను. అయిపోగానే మా పిల్లలకు జ్వరమని అబద్ధం చెప్పి వచ్చేశాను. గిన్నెలు ఎవరు కడిగారో తెలియదు.

బుధవారం లెటర్ తయారైంది. పర్మిట్‌కి ఇంకా ఐదు రోజులుంది. కవరు నేనే ఇస్తానని అడిగి తీసుకున్నాను. రిజిస్ట్రార్ ఆఫీసు బయట బెంచీ మీద ఆమె డ్యూటీకి వెళ్ళే బట్టల్లోనే కూర్చుని ఉంది, బూట్ల కింద మంచు కరిగి మడుగు కట్టింది. పక్కన కూర్చుని అంతా చెప్పాను, ఈసారి తెలుగులో. నీ ఫైలు వచ్చిందమ్మా, నేను తీసేశాను. నువ్వు నిజం చెప్పావు, నేను నమ్మలేదు. నన్ను క్షమించు. ఇంత చెప్పేసరికి నాకు ఏడుపొచ్చింది. ఆమెకు రాలేదు.

కవరు విప్పి లెటర్లో తన పేరు, పుట్టిన తేదీ, కోర్సు పేరు వేలు పెట్టి చదువుకుంది. అన్నీ సరిగ్గా ఉన్నాయని చూసుకున్నాక ఫొటో తీసింది. ఆ ఫొటోను ఇంకెవరికో పంపింది. అది చేరిందని గుర్తు పడేదాకా ఫోన్ చూస్తూ ఉంది.

"మూడు రోజులల్ల నాలుగుసార్లు చెప్పిన," అంది అప్పుడు. "ఇక్కడ రెండుసార్లు, మా సార్‌కి ఒకసారి, మీకొకసారి. మీకు చెప్తే అయిపోతదనుకున్న. మీరు ఒక్కసారి రాస్తే అందరు నమ్మిన్రు."

తన బస్సు వచ్చే టైమైందని లేచింది. జిప్పు పైదాకా లాక్కుని, టోపీ పెట్టుకుని, కవరును కోటు లోపల ఛాతీకి ఆనించి పెట్టుకుంది.

"థాంక్యూ మేడం," అంది.